సొట్టకు క్లెయిమ్ పెట్టే ముందు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు వెనక్కి తీస్తుంటే స్తంభానికి తగిలింది. వెనక బంపర్ చీలింది. దాని పక్కన, చక్రం పైనున్న రేకు సొట్టపడి గీసుకుపోయింది. మర్నాడు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అడ్వైజర్ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఎస్టిమేట్ వేస్తూనే అంటాడు: ‘ఇన్సూరెన్స్ ఉంది కదా మేడమ్, క్లెయిమ్‌లో పెట్టేద్దాం. మీ చేతి నుంచి పెద్దగా పడదు.’

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ రోజు నిజంగానే చేతి నుంచి పెద్దగా పడదు. పడేది తర్వాత, రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు. అప్పుడైనా అది ‘క్లెయిమ్ ఖర్చు’ అని విడిగా కనిపించదు. నిరుడు ప్రీమియంలోంచి తగ్గిన ఒక అంకె ఈ ఏడాది తగ్గదు, అంతే. ‘రేట్లు పెరిగాయి కాబోలు’ అనుకుని కట్టేస్తాం. మన ఊళ్లలో కారున్న ఇళ్లలో ఎక్కువగా జరిగే నష్టం ఇదేనని నా నమ్మకం. ఖరీదైన పాలసీ కొనడం వల్ల వచ్చే నష్టం కాదిది. మంచి పాలసీనే చిన్న దెబ్బకు వాడేయడం వల్ల వచ్చేది. అందుకే పైన చెప్పిన బంపర్‌నే పట్టుకుని లెక్క చివరిదాకా వేసి చూద్దాం.

బోనస్ నిచ్చెన

కారు 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అనుకుందాం. నాలుగో ఏడాది పాలసీ నడుస్తోంది, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమ్ కూడా లేదు. పాలసీ కాగితం తీసి చూస్తే ప్రీమియం రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటిది థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి రక్షణ అది. చట్టం ప్రకారం తప్పనిసరి. దాని రేటును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకు అది 3,416 రూపాయలు. ఏ కంపెనీలో కట్టినా అంతే, క్లెయిమ్‌లు ఉన్నా లేకపోయినా అంతే.

రెండోది ఓన్ డ్యామేజ్. మన కారుకు జరిగే నష్టానికి ఇచ్చే రక్షణ. మన తెలివితేటలన్నీ పనికొచ్చేది ఈ ముక్క మీదే, ఎందుకంటే నో క్లెయిమ్ బోనస్ వర్తించేది దీనికొక్కదానికే. యాభై శాతం బోనస్ ఉందంటే మొత్తం బిల్లు సగమవుతుందని చాలామంది అనుకుంటారు. సగమయ్యేది ఓన్ డ్యామేజ్ భాగమే.

ఈ బోనస్ మెట్లు మెట్లుగా పెరుగుతుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, వరసగా రెండేళ్లయితే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. అక్కడితో ఆగుతుంది. ఎక్కడం ఇలా మెట్టు తర్వాత మెట్టు. దిగడం మాత్రం ఒక్కసారే. ఒక క్లెయిమ్ పెడితే తర్వాతి రెన్యువల్‌లో బోనస్ సున్నా అవుతుంది. క్లెయిమ్ రెండు వేలదా, రెండు లక్షలదా అని ఎవరూ చూడరు. తప్పు మనదా, వెనకనుంచి వచ్చి గుద్దినవాడిదా అని కూడా చూడరు. వరద నీళ్లలో కారు మునిగినా అంతే. బోనస్ ఇచ్చేది క్లెయిమ్ పెట్టనందుకు. జాగ్రత్తగా నడిపినందుకు కాదు.

సున్నాకు పడిపోవడం అంటే ఒక ఏడాది నష్టం అనుకుంటే పొరపాటు. మన ఉదాహరణలో కారుకు ఇప్పుడు 35 శాతం బోనస్ ఉంది. క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే రెన్యువల్‌లో 45, ఆ తర్వాత ఏటా 50. క్లెయిమ్ పెడితే వరసగా 0, 20, 25, 35, 45 వస్తాయి. ఆరో రెన్యువల్‌కు గానీ 50 దగ్గరికి చేరదు. రెండు దారుల మధ్య తేడా మొదటి ఏడాది 45 శాతం, రెండో ఏడాది 30, తర్వాత 25, 15, 5. అన్నీ కలిపితే 120 శాతం. అంటే ఈ ఒక్క క్లెయిమ్ ఖరీదు, బోనస్ తీయకముందు ఉండే ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మొత్తం, దానిపైన మరో ఐదో వంతు.

ఈ కారు విలువను పాలసీలో దాదాపు ఐదు లక్షలుగా రాశారనీ, బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం పది వేలనీ అనుకుందాం. 120 శాతం అంటే పన్నెండు వేలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 14,160. అయితే కారు పాతబడేకొద్దీ దాని విలువా, దాంతో ప్రీమియమూ తగ్గుతాయి. ఏటా వెయ్యి రూపాయల చొప్పున తగ్గుతుందని లెక్కిస్తే నష్టం సుమారు 12,400 దగ్గర తేలుతుంది. ఇకమీదట ఈ అంకెనే పెట్టుకుందాం.

మీరు ఏ మెట్టు మీద ఉన్నారన్నదాన్ని బట్టి ఈ నష్టం మారుతుంది. ఇంకా బోనస్ ఏమీ లేనివారికి, అంటే మొదటి ఏడాదిలోనే ఉన్నవారికి, అది 50 శాతం. 20 దగ్గర ఉన్నవారికి 80, 25 దగ్గర ఉన్నవారికి 105. 45కో 50కో చేరినవారికి 125. కొత్త కారు కొన్న తొలి ఏడాదిలో గీత పడితే మనసు ఎక్కువ నొచ్చుకుంటుంది గానీ, క్లెయిమ్ పెడితే తక్కువ పోయేది అప్పుడే. ఐదేళ్లు జాగ్రత్తగా కాపాడుకున్నాక చిన్న దెబ్బకు క్లెయిమ్ పెట్టేవారికే ఎక్కువ పోతుంది.

కంపెనీ చేతికిచ్చేది ఎంత

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ 15,000 వచ్చింది. కొత్త బంపర్ 5,000, బంపర్‌కూ సొట్టపడిన రేకుకూ కలిపి పెయింటింగ్ 7,000, డెంటింగ్, బిగింపు కూలి 2,500, క్లిప్పులూ బోల్టులూ వగైరా 500.

పదిహేను వేలూ కంపెనీ ఇవ్వదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం తరుగుదల కింద కోస్తారు. కాబట్టి బంపర్‌కు 2,500 వస్తుంది. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా తీసుకుని అందులో సగం తగ్గిస్తారు. ఏడు వేలలో 875 పోయి 6,125 మిగులుతుంది. కూలి పూర్తిగా ఇస్తారు. క్లిప్పులూ బోల్టులూ మామూలు పాలసీలో రావు. అంతా కలిపితే 11,125. ఇందులోంచి కంపల్సరీ డిడక్టబుల్ పోవాలి. ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి కొంత మొత్తాన్ని యజమానే భరించాలన్న నియమం అది. 1500 సీసీ లోపు కార్లకు వెయ్యి రూపాయలు, అంతకు మించితే రెండు వేలు. చివరికి కంపెనీ ఇచ్చేది 10,125. మన చేతి నుంచి పడేది 4,875.

జీరో డిప్ తీసుకున్నవారికి తరుగుదల కోత ఉండదు. వారికి 13,500 వస్తుంది, చేతి నుంచి 1,500 పడుతుంది. జీరో డిప్ ఉంటే డిడక్టబుల్ కూడా ఉండదని కొందరు అనుకుంటారు. అది ఉంటుంది. జీరో డిప్ ఒక పాలసీ ఏడాదిలో ఎన్ని క్లెయిమ్‌లకు వర్తిస్తుందన్నదానికీ చాలా పాలసీల్లో పరిమితి రాసి ఉంటుంది.

పది వేల నూట ఇరవై అయిదు కోసం పన్నెండు వేల నాలుగు వందలు వదులుకోవాలా? ఇక్కడికే జవాబు తెలిసిపోతోంది. కానీ ఈ పోలికలో ఇంకో లోపం ఉంది, దాన్ని సరిచేస్తే తేడా మరింత పెరుగుతుంది. క్లెయిమ్ పెట్టకపోతే మనం ఆ పదిహేను వేల పని చేయించుకోం. క్లెయిమ్ కింద అయితే చీలిన బంపర్ తీసేసి కొత్తది వేస్తారు. సొంత డబ్బు అయితే పేరున్న డెంటింగ్-పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళ్తాం. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్‌లో గానీ, ఆ చీలికను ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతికి, పుట్టీ పెట్టి, రంగు కలిపి కొట్టేవారికి కొదవలేదు. అక్కడ మొత్తం పని ఎనిమిది వేలకు అయిందనుకుందాం. అప్పుడు మామూలు పాలసీతో క్లెయిమ్ పెడితే ఈ రోజు మిగిలేది ఎనిమిది వేలకూ 4,875కూ మధ్య తేడా, అంటే 3,125 మాత్రమే. జీరో డిప్ ఉన్నా 6,500. దీనికోసం వచ్చే ఐదేళ్లలో పన్నెండు వేలకు పైగా పోగొట్టుకుంటాం.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘బిల్లు ఎంత, కంపెనీ ఎంత ఇస్తుంది’ కాదు. ‘క్లెయిమ్ లేకుండా ఈ పని ఎంతలో అవుతుంది, క్లెయిమ్ పెడితే నా చేతి నుంచి ఎంత పడుతుంది, ఆ రెండింటి తేడా నా బోనస్ నష్టాన్ని దాటుతుందా?’ అన్నది. దాటితే వెనకాడకుండా క్లెయిమ్ పెట్టాలి. ముందు గుద్దుకుని హెడ్‌లైట్, బానెట్, రేడియేటర్ పోయి బిల్లు అరవై వేలకు చేరితే ఆలోచించాల్సిన పనే లేదు. మన ఉదాహరణలోని కారుకు ఆ తేడా పన్నెండు, పదమూడు వేలు దాటాక క్లెయిమ్ లాభం. మీ కారుకు ఎంతో తెలుసుకోవాలంటే పాలసీ కాగితంలో బోనస్ తీయకముందున్న ఓన్ డ్యామేజ్ అంకె చూసి, మీ మెట్టుకు చెప్పిన శాతంతో గుణించి, పన్ను కలపండి. కారు విలువ తగ్గుతుంది కనుక అందులో ఎనిమిదో వంతు తగ్గించుకోవచ్చు.

ఈ లెక్క తలకిందులయ్యే సందర్భం ఒకటుంది. ఇదే పాలసీ ఏడాదిలో ఇప్పటికే ఒక క్లెయిమ్ పెట్టి ఉంటే బోనస్ ఎలాగూ పోయింది. రెండో చిన్న దెబ్బకు క్లెయిమ్ పెట్టినా బోనస్ రూపంలో కొత్తగా పోయేదేమీ లేదు. వరస క్లెయిమ్‌లు చూసి కంపెనీ వచ్చే ఏడాది ఇచ్చే ఇతర డిస్కౌంట్లు తగ్గించవచ్చు, దాన్ని మనసులో పెట్టుకుంటే చాలు. మరో సందర్భం దీనికి వ్యతిరేకం. ఏడాదిలో కారు మార్చే ఆలోచన ఉంటే బోనస్ విలువ పెరుగుతుంది. అది బండిది కాదు, యజమానిది. కొత్త కారుకు తీసుకెళ్లవచ్చు. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం పాతిక వేలుంటే 45 శాతం అంటే మొదటి ఏడాదే పదకొండు వేల పైచిలుకు.

ఎస్టిమేట్ కోసం వెళ్లినప్పుడు సర్వీస్ సెంటర్‌లో ముందే స్పష్టంగా చెప్పాలి: ‘ఎస్టిమేట్ మాత్రం ఇవ్వండి, క్లెయిమ్ రిజిస్టర్ చేయొద్దు.’ పాలసీ నంబరు ఇస్తే వారే కంపెనీకి తెలియజేసేస్తారు. అప్పటికే క్లెయిమ్ నంబరు వచ్చేస్తే, వద్దనుకుంటున్నానని కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, ఏమీ చెల్లించకుండా మూసేసినట్టు మెయిల్ తెప్పించుకోవాలి. రెన్యువల్ నాడు బోనస్ మాయమైతే ఆ మెయిలే ఆధారం.

పాత గీతలన్నీ ఒకే క్లెయిమ్‌లో కలిపేద్దామన్న సలహా కూడా వినిపిస్తుంది. వెనక సొట్ట, ముందు ఎడమ తలుపు గీత ఒకే ప్రమాదంలో పడవని సర్వేయర్‌కు చూడగానే తెలుస్తుంది. విడి ప్రమాదాలంటే విడి క్లెయిమ్‌లు, ఒక్కోదానికీ విడిగా డిడక్టబుల్. ఒకే ప్రమాదమని రాసిస్తే అది తప్పుడు సమాచారమవుతుంది, అసలు క్లెయిమ్‌కే ఎసరు వస్తుంది.

స్వచ్ఛందంగా ఎంత భరించాలి

చిన్న దెబ్బలకు క్లెయిమ్ పెట్టనని తేల్చుకున్నాక సహజంగా వచ్చే ప్రశ్న వాలంటరీ డిడక్టబుల్. తప్పనిసరి వెయ్యికి తోడు ప్రతి క్లెయిమ్‌లో మరికొంత నేనే భరిస్తానని ముందే ఒప్పుకుంటే ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. పాత టారిఫ్ పట్టికను ఇప్పటికీ చాలామంది అనుసరిస్తున్నారు. అందులో కార్లకు 2,500 భరిస్తే ఓన్ డ్యామేజ్‌లో 20 శాతం, 5,000కు 25, 7,500కు 30, 15,000కు 35 శాతం తగ్గింపు. శాతాలు ఊరిస్తాయి. కానీ ప్రతిదానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంది. వరసగా 750, 1,500, 2,000, 2,500 రూపాయలు. మన ఉదాహరణలో పది వేలకు 25 శాతం అంటే 2,500 రావాలి. వచ్చేది 1,500.

అదీ పూర్తిగా చేతికి రాదు. మామూలుగా నో క్లెయిమ్ బోనస్‌ను మిగతా తగ్గింపులన్నీ పోయాక, చివర్లో లెక్కిస్తారు. ఐదు వేల డిడక్టబుల్‌కు 1,500 తగ్గి 8,500 అయింది. దానిమీద 45 శాతం బోనస్ తీస్తే 4,675. డిడక్టబుల్ లేకపోతే 5,500. నిజంగా మిగిలింది 825, పన్నుతో కలిపి 973. ఐదేళ్లకు ఒకసారి కన్నా తరచుగా క్లెయిమ్ పెట్టేవారికి ఇది నష్టం. ఎనిమిదేళ్లకో పదేళ్లకో ఒక పెద్ద క్లెయిమ్ తప్ప పెట్టనివారికి కొద్దిపాటి లాభం. 2,500 మెట్టు దగ్గరా ఇదే నిష్పత్తి.

పదిహేను వేల మెట్టు నాకు ఎంతమాత్రం నచ్చదు. అక్కడ ఏడాదికి మిగిలేది దాదాపు 1,620. అంత భారం ఒక్కసారి మీద పడితే తిరిగి పూడ్చుకోవడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. 7,500 నుంచి పదిహేను వేలకు దూకితే భారం రెట్టింపవుతుంది, మిగులు మాత్రం ఏడాదికి మూడు వందల చిల్లర పెరుగుతుంది. జీతం మీద బతికే ఇంట్లో, అసలే ప్రమాదం జరిగిన నెలలో పదహారు వేలు చేతి నుంచి తీయాల్సిరావడం చిన్న విషయం కాదు. 45, 50 శాతం బోనస్ ఉన్నవారు 2,500తోనో 5,000తోనో ఆగడం మేలు. అంత కూడా వద్దనుకుంటే పోయేది చాలా తక్కువ.

ఆన్‌లైన్‌లో కొటేషన్లు పోల్చేటప్పుడు ఒకటి గమనించాలి. అన్నిటికన్నా తక్కువ చూపించిన దాంట్లో ఈ డిడక్టబుల్‌ను ముందే టిక్ పెట్టి ఉండవచ్చు, లేదా కారు విలువను తగ్గించి ఉండవచ్చు. ఐడీవీ అనే ఆ విలువే కారు దొంగతనానికి గురైతే వచ్చే గరిష్ఠ మొత్తం. రిపేరు ఖర్చు అందులో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా లెక్కకట్టి ఇచ్చేదీ దాని ఆధారంగానే. ఐడీవీ, డిడక్టబుల్, జీరో డిప్ మూడూ అన్నిచోట్లా ఒకేలా పెట్టాకే ధరలు పోల్చాలి.

బోనస్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ కూడా అక్కడే కనిపిస్తుంది. క్లెయిమ్ పెట్టినా బోనస్ పోకుండా కాపాడుతుందది, పాలసీలో రాసిన పరిమితికి లోబడి. 20 శాతం దగ్గర ఉన్నవారికి దీనితో పెద్ద పని లేదు. 45, 50 దగ్గర ఉన్నవారు దాని ధరను తమ బోనస్ నష్టంతో పోల్చి చూడవచ్చు. తర్వాత కంపెనీ మారితే కొత్త కంపెనీ ఆ కాపాడిన బోనస్‌ను ఒప్పుకుంటుందా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి.

రెన్యువల్ ఫారంలోని ఒక ప్రశ్న

‘గత పాలసీలో క్లెయిమ్ ఉందా?’ ఫారంలో ఈ ప్రశ్నకు ‘లేదు’ అని టిక్ పెడితే ప్రీమియం అప్పటికప్పుడు వేలల్లో తగ్గుతుంది. చాలాసార్లు ఆ టిక్ పెట్టేది మనం కాదు, మనకు తెలిసిన ఏజెంటు. ‘ఏం పర్లేదమ్మా, నేను చూసుకుంటాను’ అంటాడు, మంచి రేటు ఇప్పించాలన్న తొందరలో. ఆ ప్రకటన కింద ఉన్న షరతు చాలా కఠినమైనది. అది తప్పని తేలితే ఓన్ డ్యామేజ్ కింద వచ్చే ప్రయోజనాలన్నీ రద్దవుతాయి. పాత కంపెనీని అడిగితే క్లెయిమ్ సంగతి బయటపడుతుంది. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో దగ్గర పాలసీల, క్లెయిమ్‌ల వివరాలు పోగవుతాయి. పెద్ద ప్రమాదం జరిగి లక్షల క్లెయిమ్ పెట్టినప్పుడే ఈ తనిఖీ ఎక్కువగా జరుగుతుంది, అంటే పాలసీ అత్యవసరమైన రోజునే. పాలసీ చేతికి రాగానే బోనస్ శాతం ఎంత రాశారో చూసుకోండి. ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంటే వెంటనే కంపెనీకి రాసి తేడా కట్టేయండి.

గడువు దాటినా 90 రోజుల లోపు రెన్యువల్ చేయిస్తే బోనస్ నిలుస్తుంది. ఈ మాట విని నింపాదిగా ఉండేవారున్నారు. నిలిచేది బోనస్ మాత్రమే, రక్షణ కాదు. ఆ రోజుల్లో కారుకు ఏం జరిగినా రూపాయి రాదు. ఎవరికైనా తగిలితే పరిహారం మన ఆస్తి మీద పడుతుంది. పోలీసులు ఆపితే థర్డ్ పార్టీ లేనందుకు మొదటిసారి జరిమానా రెండు వేలు. పైగా కారును పరిశీలించాకే కొత్త పాలసీ ఇస్తారు.

ఇంతసేపూ చెప్పిన లెక్క మన కారు రేకుకూ రంగుకూ సంబంధించినది. మనిషికి దెబ్బ తగిలితే ఇది వర్తించదు. ఎంత చిన్న గాయమైనా పోలీసులకూ కంపెనీకీ తెలియజేయాలి. రోడ్డు మీద డబ్బిచ్చి మాట్లాడేసుకుంటే, తర్వాత ట్రిబ్యునల్‌లో కేసు వేసినప్పుడు కంపెనీకి సకాలంలో చెప్పలేదన్న సమస్య మన మెడకు చుట్టుకుంటుంది. అలాగే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ల ముందు కార్లు మునిగినప్పటిలా నీళ్లు ఇంజిన్ దాకా వస్తే బోనస్ గురించి ఆలోచించకూడదు. కీ తిప్పకుండా, ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, కారును లాగించుకుని పోవాలి. నీళ్లున్న ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల అది పగిలితే ఇంజిన్ ప్రొటెక్ట్ లేని పాలసీలో ఆ నష్టం రాదు.

కారు అమ్మేటప్పుడు చాలామంది బోనస్‌ను వదిలేస్తారు. పాలసీ కొన్నవారి పేరుకు మారుతుంది గానీ బోనస్ మారదు. ఆ తేడా సొమ్ము కొన్నవారు కట్టుకోవాలి. అమ్మినవారు అమ్మకం కాగితాలు చూపించి కంపెనీ నుంచి బోనస్ రిజర్వింగ్ లెటర్ తీసుకోవాలి. అది మూడేళ్లు చెల్లుతుంది, ఆ లోపు ఏ కంపెనీలో కొత్త కారుకు పాలసీ తీసుకున్నా వాడుకోవచ్చు. అయితే ఒకరి బోనస్ ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. భర్త పేరున ఉన్నది బతికుండగా భార్య కారుకు రాదు. యజమాని మరణించి, ఆ కారు భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో సంక్రమించినప్పుడు మాత్రం దానితోపాటు బోనస్ కూడా వారికి వస్తుంది. పేరు మార్పిడికి వెళ్లినప్పుడే దాన్ని అడిగి రాయించుకోవాలి.